గ్రూప్ ఫోటోలోని చిన్న ముఖం నుంచి పెద్ద ఫోటో: పోలిక ఎందుకు తప్పుతోంది?

హన్మకొండ స్టూడియో: ఒకాయన దినాలకు వాళ్ల బాపు ఫోటో పెద్దగా కావాలన్నాడు. ఉన్నది ఒక్క పాత పెళ్లి గ్రూప్ ఫోటో. స్కాన్ చేసి ఏఐ టూల్‌కు రిఫరెన్స్‌గా ఇస్తే ముఖం నీట్‌గానే వస్తోంది, మనిషి మాత్రం వేరు. రిజల్యూషన్ బాగానే ఉంది కదా?

కాజీపేట: ఫోటో సంగతి కాదన్నా, అందులో ముఖం ఎంతుంది?

హన్మకొండ స్టూడియో: ప్రింట్ 8×6 అంగుళాలు, స్కాన్ 300 డీపీఐ, అంటే వెడల్పు 2400 పిక్సెళ్లు. ముఖం అర అంగుళం.

కాజీపేట: అంటే ముఖానికి 150 పిక్సెళ్లే. మొత్తం ఫోటోను టూల్ 1024 వెడల్పుకు కుదిస్తే ఆ ముఖం 64 అవుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ దాన్ని లోపల మళ్లీ ఎనిమిదో వంతు చేస్తుంది. ఇక ముఖం మొత్తానికి అడ్డంగా మిగిలేవి 8 గళ్లు. ఒక్కో కన్ను ఒకటి రెండు గళ్లలో ఇరుక్కుంటుంది. మిగిలింది తాను నేర్చుకున్న ముఖాలతో నింపుకుంటుంది. తల, భుజాల వరకే 600 డీపీఐలో స్కాన్ చేసి, ఆ ముక్క ఒక్కటే ఇవ్వు.

కరీంనగర్: అదంతా వృథా. ముఖాన్ని గుర్తించే ఆర్క్‌ఫేస్ తీసుకునేదే 112×112. ఆయనకు 150 ఉంది, చాలు.

పరకాల: నేను పాస్‌పోర్ట్ ఫోటోనే ఇచ్చినా మా అక్క చెంప మీది పుట్టుమచ్చ ఎగరగొట్టారు. సైజు సంగతి నాకు చెప్పకండి.

కాజీపేట: పరకాల అక్కా, మీ మాటలోనే జవాబుంది. ఆర్క్‌ఫేస్ ముఖాన్ని 512 అంకెలుగా మారుస్తుంది. మనిషి ఎవరో పోల్చడానికి అవి సరిపోతాయి, మచ్చ ఎక్కడుందో గీయడానికి సరిపోవు. ఆ వివరం బొమ్మ నుంచే రావాలి.

కరీంనగర్: నేను చేసిన వాటిలో పోలిక స్కోరు బాగానే వస్తుంది. స్కోరు ఉంటే ముఖం ఉన్నట్టే.

హన్మకొండ స్టూడియో: స్కోరు నేనేం చేసుకోను? వాళ్లమ్మ చూసి "గీయన మా ఆయన కాదు" అని ఫోటో పక్కన పెట్టింది. నేను ముఖం క్లియర్‌గా ఉండాలని ముందే రెస్టోర్ కూడా చేశాను!

కాజీపేట: అదీ సంగతి. ఇది మొదట్లోనే చెప్పాల్సింది. మసక ముఖాన్ని రెస్టోర్ చేస్తే కనురెప్పలు, పెదవుల అంచులు కల్పించి పెడుతుంది. నువ్వు రిఫరెన్స్‌గా ఇచ్చిందే వేరే ముఖం.

కరీంనగర్: కల్పించకపోతే మసకగా ఉంటుంది. కస్టమర్‌కు మసక ఫోటో ఇస్తావా?

కాజీపేట: మనిషి మారిన ఫోటో కంటే మసకదే ఇస్తాను.

హన్మకొండ స్టూడియో: రెస్టోర్ లేకుండా, 600లో ముక్క స్కాన్ చేసి ఇచ్చాను. ముఖం 300 పిక్సెళ్లు. ముక్కు, కనుబొమలు ఆయనవే వచ్చాయి. ఎడమ కన్ను కొంచెం వాలి ఉండేదట, అది రాలేదు. 1200లో చేస్తే కాగితం గరుకే పెరిగింది.

కాజీపేట: ప్రింట్‌లో లేనిది స్కానర్ తేలేదు. ఇంకో ఫోటో ఎక్కడన్నా ఉందేమో, ఆ అమ్మనే అడుగు.