జపాన్ ఇంట్లో చావు మైల: కమిదాన మీది తెల్లకాగితం ఎప్పుడు తీయాలి?

నాగానో_కోడలు: మా మామగారు అక్టోబర్ 3న పోయారు. మావారిది జపానే, పల్లెటూరు. ఆ రోజే అత్తగారు పక్కింటాయన్ని పిలిపించారు. ఆయన ఇంట్లో షింటో దేవుళ్ళకి పెట్టుకునే అర, కమిదాన ముందు నిలబడి, పెద్దాయన పోయారని దేవుళ్ళకి చెప్పి, అన్నం, ఉప్పు, నీళ్ళు దించేసి, ముందు తెల్లకాగితం అంటించారు. అదే గదిలో పోయినవాళ్ళకి మొక్కే బౌద్ధ మందిరం, బుత్సుదాన్ మాత్రం తెరిచే ఉంది, బౌద్ధ పూజారి వచ్చి సూత్రాలు చదివారు. 49వ రోజు కర్మ లెక్కకి నవంబర్ 20. చుట్టాల వీలు కోసం 15, ఆదివారానికి ముందుకు జరిపారు. మరి కాగితం 16న తీయాలా, 21న తీయాలా? ఇంట్లో తలో మాటా అంటున్నారు.

గోదారి_గట్టు: మా ఇంట్లో పదకొండో రోజున ఇల్లు కడిగి దీపం పెట్టేస్తాం. 49 రోజులంటే మరీ ఎక్కువండీ.

సైతామా_శ్రీను: 49 అయిపోతే మైల పోయినట్టే. 16న తీసేయండి, టెన్షన్ వద్దు.

పాతకాపు: శ్రీను గారూ, అది బౌద్ధ గుడి లెక్క. బౌద్ధులకి 49, షింటోవాళ్ళకి 50. పోయిన రోజునే ఒకటో రోజుగా లెక్కేస్తారు కాబట్టి యాభయ్యోది నవంబర్ 21. కర్మ ముందుకు జరిగితే చాలా ఇళ్ళల్లో అది ముగిశాక తీసేస్తారు, దాన్ని తప్పనను. నేనైతే 21 దాకా ఆగుతాను. జరిగింది కర్మ, మైల కాదు కదా. మీ ఊరి షింటో గుడి, అదే జింజా పూజారిని అడిగితే సరి, ఊరికో పద్ధతి ఉంటుంది. అన్నట్టు కాగితం టేపుతోనే కదా అంటించారు? పిన్ను గుచ్చరు.

నాగానో_కోడలు: టేపేనండీ. అంత్యక్రియల నుంచి వచ్చినవాళ్ళకి ఉప్పు పొట్లాలిచ్చారు, చల్లుకుని లోపలికి రమ్మని. మా తోడికోడలు మాత్రం చల్లుకోలేదు.

పాతకాపు: ఆమె పుట్టింటివాళ్ళు జోదో షిన్‌షూ శాఖ అయ్యుంటారు. చావు మైల కాదన్నది వాళ్ళ మాట, అందుకే ఉప్పు వాడరు. ఆ శాఖ ఇళ్ళల్లో చాలాచోట్ల కమిదానే ఉండదు.

హైద్రాబాదీ: మామగారి ఫొటో కమిదాన మీద పెడితే రెండూ ఒకచోటే అయిపోతాయి కదా?

పాతకాపు: వద్దు బాబూ! ఫొటో బుత్సుదాన్ దగ్గరే. కమిదానలోని దేవుళ్ళకి చావు వాసన తగలకూడదనే కదా ఆ కాగితం.

నాగానో_కోడలు: మా పొలం గట్టున పెద్ద చెట్టు కింద చిన్న రాతి గూడు ఉంది. వసంతంలో కొండదేవుడు దిగొచ్చి పొలం దేవుడవుతాడని, కోతలయ్యాక మళ్ళీ కొండెక్కిపోతాడని మామగారు చెప్పేవారు. ఏటా కోతలవ్వగానే అక్కడ కొత్త బియ్యం, సాకే పెట్టేవారు. ఈసారి ఎవరూ వెళ్ళలేదు. మావారు జింజా ముందుండే తోరీ ద్వారం కింద నుంచి నడవకూడదని రోజూ చుట్టుదారిన పోతున్నారు. నిన్న అత్తగారు బుత్సుదాన్‌లో మామగారి ముందు ఒక గిన్నెడు కొత్త బియ్యం అన్నం పెట్టి, "గట్టు దగ్గరికి 21న నేను వెళ్తాలే" అన్నారు. అంటే కాగితం సంగతి ఆవిడ తేల్చేసినట్టేనా? ఇంకా అడగలేదు.