లిప్‌షిట్జ్ షరతు లేకుండా ఏకైకతను నిరూపించవచ్చా?

y' = 3y^(2/3), y(0) = 0 సమస్యకు y = 0, y = x³ రెండూ పరిష్కారాలే. x = c వరకు సున్నా మీదే ఆగి, ఆ తర్వాత (x − c)³ వెంట బయలుదేరినా సరిపోతుంది. కారణం నాకు అర్థమైంది: ప్రమేయం అవిచ్ఛిన్నం కాబట్టి పరిష్కారం తప్పక ఉంటుంది. కానీ f(y) = 3y^(2/3) అనుకుంటే, y = 10⁻⁶ దగ్గర f(y)/y విలువ 300, సున్నాకు చేరేకొద్దీ అది హద్దు లేకుండా పెరుగుతుంది, కాబట్టి లిప్‌షిట్జ్ షరతు చెల్లదు, ఏకైకతకు హామీ ఉండదు.

నన్ను వేధిస్తున్నది y' = 1 + y^(2/3), y(0) = 0. ఇక్కడా అదే లోపం ఉంది, అయినా ఎంత వెతికినా రెండో పరిష్కారం దొరకలేదు. గ్రాన్‌వాల్ అసమానతతో ప్రయత్నించాను, లిప్‌షిట్జ్ స్థిరాంకం లేక మొదటి మెట్టులోనే ఆగిపోయాను. 1 + y^(2/3) ఎక్కడా సున్నా కాదు కనుక దానితో భాగించి, చలరాశులను వేరుచేసి సమాకలనం చేయగలిగాను. ఏకైకతకు ఈ ఒక్క మెట్టే పూర్తి నిరూపణ అవుతుందా, ఇంకేమైనా చూపాలా?