పుదీనా ఆకుల కింద తుప్పు రంగు పొక్కులు: మొక్కను పీకేయాలా, వేర్లను కాపాడుకోవచ్చా?

పచ్చకుండీ:
మా పుదీనా ఆకుల అడుగున తుప్పు రంగు పొక్కులు వచ్చాయి. పై నుంచి చూస్తే లేత పసుపు చుక్కల్లా ఉన్నాయి. వేలితో రుద్దితే నారింజ రంగు పొడి అంటుతోంది. మచ్చలున్న ఆకులన్నీ తుంచేశాను, పది పన్నెండు రోజులకు మళ్ళీ వచ్చాయి. పక్క కుండీలో పెప్పర్‌మింట్ ఉంది, దానికి ఒక్క మచ్చ కూడా లేదు. ఇది దేనివల్ల వస్తుంది? మందుతో పోతుందా, పీకేసి కొత్తది పెట్టాలా? అదే మట్టిలో నాటొచ్చా?

తోటబావ:
మా ఇంట్లోనూ ఇదే వచ్చిందండి. తేమ ఎక్కువైతే వచ్చే ఫంగస్ ఇది. మొక్కను నేలకు రెండు వేళ్ళ ఎత్తు ఉంచి మొత్తం కోసేయండి. కోసిన చోట వారానికోసారి వేపనూనె కొట్టండి. మూడు వారాల్లో కొత్త చిగుళ్ళు శుభ్రంగా వచ్చాయి నాకు. పీకేయాల్సినంత జబ్బేం కాదు, ఊరికే టెన్షన్ పడకండి.

వేరుచూపు:
తోటబావ గారూ, కోయమన్నారు చూడండి, అది సరైన మాట. మీ మొక్కకు మేలు చేసింది ఆ కోతేనని నా నమ్మకం, వేపనూనె కాదు. ఆకు లోపలికి చేరిపోయిన ఫంగస్‌ను పైపైన కొట్టిన నూనె చంపలేదు.

పచ్చకుండీ గారూ, ఇది పుదీనా తుప్పు తెగులు. దీని ఫంగస్ పేరు పక్సీనియా మెంథే. మీ వేలికి అంటిన పొడి దాని బీజాలే. గాలికి ఎగిరి, నీటి తుంపరలతో చింది, తడిగా ఉన్న మరో ఆకు మీద పడితే మొలకెత్తి లోపలికి దిగుతాయి. దిగిన రోజున పైకి ఏమీ కనబడదు. సుమారు పది రోజుల నుంచి రెండు వారాల తర్వాత కొత్త పొక్కు పగులుతుంది. మీరు ఆకులు తుంచిన రోజుకే కొన్ని ఆకులు లోపల జబ్బు పెట్టుకుని, పైకి పచ్చగా ఉండి ఉంటాయి. పన్నెండు రోజులకు బయటపడ్డవి అవే.

పీకాలా వద్దా అన్నది పొక్కుల రంగును బట్టి, చిగుళ్ళ ఆకారాన్ని బట్టి తేలుతుంది. ఆ రెండూ చూసి చెప్పండి. పొక్కుల్లో కొన్నైనా ముదురు గోధుమ రంగుకో నలుపుకో తిరిగాయా? నేలలోంచి కొత్తగా వచ్చే కాడలు ఉబ్బి, మెలి తిరిగి, పాలిపోయి ఉన్నాయా?

చిగురుపాప:
మా పుదీనా ఆకుల మీద కూడా సన్నని పసుపు చుక్కలు ఉన్నాయి. అడుగున బూజు దారంలా ఉంటోంది. నేను కూడా మొక్కంతా కోసేయాలా?

వేరుచూపు:
చిగురుపాప గారూ, కోయకండి. మీరు చెప్పిన దారాలు నల్లి పురుగు అల్లే గూడులా అనిపిస్తున్నాయి. తెల్ల కాగితం మీద కొమ్మను తట్టి చూడండి. చిన్న చిన్న చుక్కలు నడుస్తుంటే నల్లి. తుప్పు తెగులైతే నడిచేవి ఉండవు, తడి చేసిన తెల్ల గుడ్డతో ఆకు అడుగు తుడిస్తే తుప్పు మరక పడుతుంది. మీది వేరే సమస్య, దానికి విడిగా అడగండి, అక్కడ చెబుతాను.

పచ్చకుండీ:
చూశానండి. ఎక్కువ పొక్కులు నారింజ రంగులోనే ఉన్నాయి, కింది పాత ఆకుల మీద మాత్రం అయిదారు నల్లగా మారాయి. మెలి తిరిగిన కాడలు ఇప్పుడు లేవు. కానీ కొన్ని నెలల క్రితం మొక్క చిగురించేటప్పుడు రెండు కాడలు లావుగా, వంకరగా వచ్చాయి. వాటి మీద నారింజ మచ్చలు కూడా ఉన్నాయి. ఎరువు ఎక్కువైందేమో అనుకుని వదిలేశాను.

వేరుచూపు:
అయితే మీది పాత జబ్బే, ఈ మధ్య గాలికి వచ్చింది కాదు. ఈ ఫంగస్‌లో చాలా తుప్పు ఫంగస్‌లకు లేని ఒక గుణం ఉంది. వాటిలో అనేకం బతుకు చక్రం పూర్తి చేసుకోవడానికి రెండు వేర్వేరు మొక్కల మీద ఉండాలి. ఇది మొదటి నుంచి చివరి దాకా పుదీనా మీదే గడిపేస్తుంది. చలి తగ్గి మొక్క చిగురించేటప్పుడు ఆ వంకర కాడలు, తర్వాత ఆకుల కింద నారింజ పొక్కులు, కాలం చివర్లో నల్ల పొక్కులు. ఆ నల్లటివి నిద్రపోయే బీజాలు. ఎండిన కాడల మీద, మట్టిలో పడి ఉండి, మళ్ళీ చిగుళ్ళు వచ్చేటప్పుడు లేస్తాయి.

అందుకే నారింజ దశలోనే, అంటే నల్ల పొక్కులేవీ రాకముందు, అంతా కోసి తీసేస్తే మట్టి చాలావరకు శుభ్రంగా ఉంటుంది. తోటబావ గారి మొక్కకు అదే జరిగి ఉండొచ్చు. మీకు నల్లటివి మొదలయ్యాయి, వంకర కాడలు కూడా వచ్చాయి. ఇప్పుడు కోత ఒక్కటే సరిపోదు.

తోటబావ:
ఒక మాట ఒప్పుకోవాలి. నాకు అప్పుడు తగ్గింది గానీ, మరుసటి ఏడాది చిగురించేటప్పుడు మళ్ళీ వచ్చింది. కొత్తగా గాలికి వచ్చిందనుకున్నాను.

కొమ్మలకొలువు:
నా అభిప్రాయం వేరు. ఈ జబ్బుకు అంత యుద్ధం అక్కర్లేదు. పాత మొక్కను, మట్టిని తీసేయండి. అంతకుముందే పైన మచ్చలేని కొమ్మల కొసలు నాలుగైదు, ఒక్కొక్కటీ వేలెడంత, తీసి నీళ్ళలో పెట్టండి. రెండు వారాల్లో వేర్లు వస్తాయి. ఆకుల కింద కనిపించే ఈ జబ్బు పడిన చోటే ఉంటుంది, కాడ గుండా కొసకు పాకదు. అందుకే కొస కొమ్మ శుభ్రం. నేను మూడుసార్లు ఇలాగే చేశాను, మూడుసార్లూ కొత్త మొక్క బాగుంది.

వేరుచూపు:
పద్ధతి మంచిదే, సులువు కూడా. కానీ కొసల్లోనూ పైకి కనబడని జబ్బు దాగి ఉండొచ్చు. అందుకని కింది ఆకులన్నీ తీసేసి, రెండు మూడు ఆకులు మాత్రం ఉంచండి. మిగతా పుదీనాలకు దూరంగా మూడు వారాలు పెట్టి, రోజూ ఆకు అడుగు చూడండి. ఒక్క పొక్కు కనబడినా ఆ కొమ్మను పారేయండి. వంకర తిరిగిన కాడ నుంచి మాత్రం కొస తీయకండి, దాని కాడంతా జబ్బు పాకి ఉంటుంది.

రకం అపురూపమైనదై, కొమ్మలన్నిటికీ మచ్చలుంటే మాత్రం వేర్ల వేడినీటి పద్ధతి ఉంది. నేల కింద తెల్లగా పాకే వేర్లను తవ్వి, మట్టంతా కడిగి, 44 డిగ్రీల సెల్సియస్ నీళ్ళలో 10 నిమిషాలు ముంచాలి. తర్వాత వెంటనే చల్లటి నీళ్ళలో చల్లార్చి నాటుకోవాలి.

మొదటిసారి నేను థర్మామీటర్ లేకుండా, చేతికి వెచ్చగా తగిలితే చాలనుకుని చేశాను. నీళ్ళు చల్లబడిపోయాయి. వేర్లు అన్నీ మొలిచాయి, వాటిలో రెండు కాడలు మళ్ళీ లావుగా వంకరగా వచ్చాయి. మరుసటి సంవత్సరం పెద్ద బకెట్‌లో నీళ్ళు పోసి, అందులో థర్మామీటర్ వేలాడదీశాను. వేర్లను జానెడు ముక్కలు చేసి పన్నెండు తీసుకున్నాను. అవి వేయగానే నీళ్ళు 42కి పడ్డాయి, కొంచెం కొంచెంగా వేడి నీళ్ళు కలిపి మళ్ళీ 44కి తెచ్చాక అప్పటి నుంచి పది నిమిషాలు లెక్కపెట్టాను. చిన్న గిన్నె అయితే వేడి నిలవదు, అందుకే పెద్ద బకెట్. పన్నెండింటిలో ఎనిమిది మొలిచాయి. నాలుగు మెత్తబడి కుళ్ళాయి, వేడి నీళ్ళు పోసిన వైపు ఉన్నవే ఎక్కువగా. 44 దాటితే వేరు ఉడికిపోతుంది, బాగా తగ్గితే ఫంగస్ బతుకుతుంది. మొలిచిన ఎనిమిదీ రెండేళ్ళుగా శుభ్రంగా ఉన్నాయి. వేరు ముక్కలను కొత్త మట్టిలో పడుకోబెట్టి, రెండు వేళ్ళ లోతున కప్పాను.

కొమ్మలకొలువు:
ఒక ప్రశ్న. మీ రెండు వంకర కాడలకు ఫంగస్ వేరు లోపలి నుంచి వచ్చిందని ఎలా అనగలరు? వేరుకు అంటుకున్న మట్టిలోని నల్ల బీజాలే అయి ఉండొచ్చుగా. అలాగైతే బాగా కడిగితేనే సరిపోతుంది, వేడినీళ్ళు అనవసరం.

వేరుచూపు:
అయి ఉండొచ్చు. కంటితో చూసి ఏది ఎటు నుంచి వచ్చిందో చెప్పలేం. నేను రెండిటికీ జాగ్రత్త పడుతున్నాను, అంతే. కడగడం ఒక్కటే చేసి చూసిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పాలి.

మట్టివాసన:
మట్టి గురించి అడిగారు కదా. పాత మట్టిలో పుదీనా పెట్టకండి, ఆ మట్టిని మరువం కుండీలో కూడా పోయకండి, ఈ ఫంగస్ మరువం మీద కూడా బతుకుతుంది. వేరే జాతి పూలమొక్కలకు వాడుకోవచ్చు. కుండీని మాత్రం గీకి కడిగి ఆరబెట్టి వాడండి. ఎండిన కాడలు, రాలిన ఆకులు ఒక్కటి కూడా వదలకుండా ఏరి సంచిలో కట్టి పారేయండి. ఇంట్లో చేసుకునే కంపోస్ట్ కుప్ప అంత వేడెక్కదు, అందులో వేయకండి. మందుల విషయానికొస్తే, ఆకు కూరగా తినే మొక్కకు ఏ ఫంగస్ మందైనా దాని లేబుల్ మీద పుదీనా పేరు రాసి ఉంటే తప్ప కొట్టకండి.

పచ్చకుండీ:
మరి పక్కనున్న పెప్పర్‌మింట్? దాన్నీ తీసేయాలా?

వేరుచూపు:
వద్దు. ఈ ఫంగస్‌లో చాలా తెగలున్నాయి, ఒక రకం పుదీనాను పట్టే తెగ మరో రకాన్ని పట్టకపోవచ్చు. మీ పెప్పర్‌మింట్ అందుకే తప్పించుకుని ఉండొచ్చు. అయినా రోగం తేలేదాకా దాన్ని ఇంకో మూలకు జరిపి, నీళ్ళు మొక్క మొదలు దగ్గర మాత్రమే, ఉదయం పూట పోయండి. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రంతా ఆరవు, బీజానికి కావలసింది అదే. కాడలు దట్టంగా ఉంటే కొన్ని తీసేసి గాలి ఆడనివ్వండి.

పచ్చకుండీ:
నిన్న పాత కుండీ ఖాళీ చేశాను. మచ్చలేని కొసలు ఆరు దొరికాయి, గ్లాసులో పెట్టాను. వేర్లలో తెల్లగా గట్టిగా ఉన్నవి పది ఏరి, సగం కడిగి ఊరుకున్నాను, సగం 44 డిగ్రీల నీళ్ళలో పెట్టాను. వేర్వేరు కుండీల్లో, కొత్త మట్టిలో నాటి, పేర్లు రాశాను. కొమ్మలకొలువు గారి ప్రశ్నకు జవాబు చిగుళ్ళు వచ్చేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు ఇక్కడే రాస్తాను.

కొమ్మలకొలువు:
కడిగిన ఐదింటిలో ఏ ఒక్కటి లావుగా, పాలిపోయి వచ్చినా వెంటనే తుంచి సంచిలో వేయండి. దాని మీద నారింజ మచ్చలు పగిలేదాకా ఆగకండి, పక్కనున్న కుండీలకు గాలి చాలు.