ఫొటోలో ఉన్నది బత్తాయా, నారింజా, కమలా, నిమ్మా? ఎలా తేల్చుకోవాలి?

అడిగినవారు: చిన్నపిల్లల కోసం ఒక బొమ్మల నిఘంటువు తయారుచేస్తున్నాను. అందులో ఒక పుటకు నాలుగు పండ్లను ఒకే పళ్లెంలో పెట్టి, నిలబడి పైనుంచి ఫొటో తీశాను. వాటి కింద బత్తాయి, నారింజ, కమలా, నిమ్మ అని పేర్లు వేయాలి. పండ్లను రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి కలిపేయడం వల్ల ఏది ఏదో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేకపోతున్నాను. ఒకటో పండు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో గుండ్రంగా ఉంది. రెండోది నిగనిగలాడే నారింజ రంగులో, బిగుతైన తొక్కతో ఉంది. మూడోది అదే రంగులో ఉన్నా కాస్త అణగినట్లు, తొక్క ముడతలు పడినట్లు కనిపిస్తోంది. నాలుగోది చిన్నది, పసుపుపచ్చనిది. పిల్లలు చదివే పుస్తకం కాబట్టి తప్పు పేరు పడకూడదని నా ఆరాటం. దయచేసి చూసి చెప్పగలరా?

రెండో సభ్యుడు: ఇందులో అంత సందేహం అవసరం లేదనుకుంటాను. పచ్చగా ఉంటే బత్తాయి, పసుపుగా చిన్నగా ఉంటే నిమ్మ, నారింజ రంగులో ఉన్నవాటిలో తొక్క బిగుతుగా ఉన్నది నారింజ, వదులుగా ఉన్నది కమలా. ఆ లెక్కన మీ ఫొటోలో వరుసగా బత్తాయి, నారింజ, కమలా, నిమ్మ ఉన్నాయి.

విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు: తొక్క సంగతి మీరు చెప్పినది చాలావరకు నిజమే. రంగు సంగతి మాత్రం ఒప్పుకోలేను. ఈ పండ్ల తొక్కలో ఉండే పచ్చదనం రాత్రులు చల్లబడితేనే సరిగా విరుగుతుంది. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే చోట నారింజ లోపల పూర్తిగా పండి తియ్యబడినా పైన పచ్చగానే ఉండిపోతుంది. కొన్ని రకాలైతే చెట్టు మీదే నారింజ రంగుకు తిరిగి, ఎండలు ముదిరాక మళ్లీ పచ్చబడతాయి. పైగా కోసిన తరువాత ఎథిలీన్ వాయువు తగిలించి పచ్చదనం పోగొట్టే పద్ధతి కూడా ఉంది. అందువల్ల రంగును బట్టి ఒక ఊహ చేయవచ్చు గాని, దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఇంకొక చిక్కు ఏమిటంటే, పైనుంచి తీసిన ఫొటోలో అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు దాగిపోతుంది. కమలా పండు తొడిమ వైపు నుంచి అడుగు వైపుకు అణగి ఉంటుంది, అంటే ఎత్తు కంటే వెడల్పు స్పష్టంగా ఎక్కువ. పైనుంచి చూస్తే అణగిన పండూ గుండ్రని పండూ ఒకేలా వృత్తంగా కనబడతాయి. అందుకని మీ రెండో పండు నారింజ అని ఇప్పుడే అనలేను. పండ్లు ఇంకా మీ దగ్గర ఉంటే ప్రతిదానికీ మూడు ఫొటోలు తీసి పెట్టండి. మొదటిది పక్క నుంచి, పండు ఎత్తు తెలిసేటట్లు. రెండోది అడుగు భాగం, అంటే తొడిమకు ఎదురుగా ఉండే కొస. మూడోది పండును అడ్డంగా, తొనలన్నీ చక్రంలా కనబడేటట్లు కోసినది. పక్కనే ఒక స్కేలు ఉంచితే పరిమాణమూ తెలుస్తుంది.

ఇంటి తోట సభ్యురాలు: మా పెరట్లోని చెట్టు నాటి నాలుగేళ్లయింది. ఆకుల మధ్య ఈనెలు పచ్చగానే ఉండి మిగతా భాగమంతా పసుపుబారుతోంది, కాయలు రాలిపోతున్నాయి. అది బత్తాయో నారింజో కూడా తెలియదు. ఫొటో పెడితే చెబుతారా?

విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు: అమ్మా, ఆకు పసుపుబారడం పోషకాల విషయం, దానికి వేరుగా ప్రశ్న వేస్తే తోటల అనుభవం ఉన్నవారు మేలైన సలహా ఇస్తారు. అది ఏ చెట్టో తెలుసుకోవడానికి మాత్రం ఒక ఆకును కాడతో సహా కోసి తెల్ల కాగితం మీద ఉంచి ఫొటో తీయండి. కాడకు రెండు వైపులా చిన్న రెక్కల్లా ఆకు పదార్థం ఉందేమో చూడండి. నారింజ, బత్తాయిలలో ఆ రెక్క సన్నగా ఉంటుంది. కమలాలో అంతకంటే సన్నగా, ఒక గీతలా ఉంటుంది లేదా అసలే ఉండదు. రెక్క బాగా వెడల్పుగా ఉంటే అది పంపర గాని చేదు నారింజ గాని కావచ్చు. అంటుకట్టిన మొక్క అయితే అంటు కింది నుంచి లేచిన వేరుమొక్క కొమ్మ ఆకును పొరపాటున కోయకండి. అది పూర్తిగా వేరే జాతి అయి ఉండవచ్చు.

ఫొటోలు తీసే సభ్యుడు: తీసే పద్ధతి గురించి రెండు మాటలు. మీ మొదటి ఫొటోలో పళ్లెం అంచు తెల్లగా ఉండవలసింది పసుపుగా ఉంది, అంటే దీపపు వెలుగు పడింది. ఆ వెలుగులో ఆకుపచ్చ బత్తాయి పసుపుగా, పసుపు నిమ్మ నారింజ రంగులో కనిపించే ప్రమాదం ఉంది. పగటిపూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట తెల్ల కాగితం మీద పండు పెట్టి తీయండి. రెండోది, ఫోనును పండుకు జానెడు దూరంలో పట్టి తీస్తే ఫొటో అంచుల్లో ఉన్న గుండ్రని పండ్లు సాగినట్లు కనిపిస్తాయి. గుండ్రని పండును కోలగా చూపించి మనల్ని నిమ్మ అనుకునేట్లు చేసేది ఇదే. ఒక మీటరు వెనక్కి జరిగి, జూమ్ చేసి, ఒక్కొక్క పండునే ఫొటో మధ్యలో ఉంచి తీయండి.

అడిగినవారు: మీరు చెప్పినట్లే మూడు పండ్లకు ఫొటోలు తీసి పెట్టాను. నాలుగోదాన్ని మా ఇంట్లో నిన్ననే పిండేశారు, దానికి పాత ఫొటో ఒక్కటే మిగిలింది. రెండో పండు వెడల్పు 6.4 సెంటీమీటర్లు, ఎత్తు 5.5 సెంటీమీటర్లు. కోసి చూస్తే మధ్యలో చిటికెన వేలి కొస పట్టేంత ఖాళీ ఉంది. ఒకటో పండు అడుగున చిన్న నాణెం అద్దినట్లు ఒక గుండ్రని గీత కనిపించింది.

విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు: చాలా మంచి ఫొటోలు. రెండో పండు మీదే ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే అది నారింజ కాదు, కమలా వర్గంలోది.

కోసిన ముఖాన్ని జాగ్రత్తగా చూడండి. నారింజలోనూ బత్తాయిలోనూ తొనలన్నీ కలిసే నడిమి భాగం తెల్లగా, గట్టిగా నిండి ఉంటుంది. కమలాలో ఆ నడుమ గుల్లగా ఉంటుంది, మీ ఫొటోలో నక్షత్రంలా కనిపిస్తున్న ఆ ఖాళీ అదే. తొక్కకూ తొనలకూ మధ్యనున్న తెల్లని పొర నారింజలో దూదిలా మందంగా ఉండి తొనలను అంటిపెట్టుకుంటుంది. మీ రెండో పండులో ఆ పొర చాలా పలుచగా ఉండి, తొనల మీద తెల్లని నారపోగులు మాత్రమే మిగిలాయి. దీనికి ఎత్తు, వెడల్పుల లెక్క కూడా తోడయింది. అయితే బాగా ముదిరిన నారింజలో కూడా నడుమ కొద్దిగా గుల్ల ఏర్పడవచ్చు గనుక ఆ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టే నేను ఇంత ధీమాగా చెబుతున్నాను.

ఇంకా అనుమానం ఉంటే ఒక గింజ పైపెంకు ఒలిచి, లోపలి పప్పును రెండుగా చీల్చండి. కమలా గింజలో పప్పు సాధారణంగా లేత ఆకుపచ్చగా ఉంటుంది. నారింజ, నిమ్మ గింజల్లో అది తెల్లగా గాని మీగడ రంగులో గాని ఉంటుంది. ఇంత చిన్న గుర్తు ఇంత స్పష్టంగా ఉండడం చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

తొక్క బిగుతుగా, నున్నగా ఉండడం వల్లనే రెండో పండు అందరినీ తప్పుదారి పట్టించింది. కమలాల్లో అన్నీ వదులు తొక్కవి కావు. ఉదాహరణకు కిన్నో అనే రకం రెండు కమలా రకాలను సంకరం చేయగా పుట్టి, 1935లో కాలిఫోర్నియా నుంచి విడుదలైంది. దాని తొక్క నున్నగా మెరుస్తూ, మిగతా కమలాలంత సులువుగా ఊడి రాకుండా ఉంటుంది. మీది కచ్చితంగా అదేనని ఫొటో చూసి చెప్పలేను గాని, ఆ తీరు పండు మాత్రం అవును.

ఒకటో పండు బత్తాయే. అడుగున కనిపించిన నాణెపు గీతా, తొక్క మీద పైనుంచి కిందికి నిలువుగా పోయే లోతులేని చాళ్లూ మోసంబి రకం బత్తాయికి బాగా తెలిసిన గుర్తులు. అన్ని బత్తాయిలకూ ఆ గీత ఉండదు, తొక్క పూర్తిగా నున్నగా ఉండే రకాలు కూడా ఉన్నాయి. కాబట్టి గీత ఉంటే నమ్మవచ్చు, లేనంత మాత్రాన బత్తాయి కాదనకూడదు. మూడోది కమలా అనడంలో ఎవరికీ సందేహం ఉండదు.

అడిగినవారు: అయితే నా పళ్లెంలో రెండు కమలాలు ఉన్నాయి, నారింజ అసలు లేదు! నారింజ ఫొటో మళ్లీ తీయాలన్నమాట. దాన్ని దేన్ని బట్టి ఎంచుకోవాలి?

విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు: పిల్లలకు చూపించడానికైతే అడుగున బొడ్డులాంటి గుంత, దానిలో బుల్లి పండులాంటి బుడిపె ఉన్న నారింజ దొరికితే తీసుకోండి. ఆ రకంలో తొడిమకు ఎదురుగా రెండో చిన్న పండు లోపలే ఏర్పడుతుంది, గింజలు దాదాపు ఉండవు. పక్క నుంచి ఒక ఫొటో, కోసిన ముఖానిది ఒక ఫొటో పక్కపక్కనే ముద్రిస్తే కమలాతో తేడా పిల్లలకే తెలిసిపోతుంది.

రెండో సభ్యుడు: రంగు విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. కాని ఒక మాట అడగాలి. మా ఇంట్లో మీరు కమలా అన్న పండునే అందరూ నారింజ అంటారు. పుస్తకంలో ఏది వేస్తే సరి? పైగా బత్తాయికి ఇంగ్లీషు నిఘంటువుల్లో తీపి నిమ్మ అనే అర్థం వచ్చే పేరు చూశాను. అంటే అది నిమ్మ జాతిదా?

విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు: రెండో ప్రశ్నకు జవాబు సులువు. మనం బత్తాయి అనేది వృక్షశాస్త్ర రీత్యా తీపి నారింజ జాతిలోదే, అంటే మీ నారింజకు తోబుట్టువు. తీపి నిమ్మ అనే పేరు న్యాయంగా వేరొక పండుకు చెందుతుంది. దాని తొక్క పలుచగా నున్నగా ఉండి, అడుగున చిన్న మొన పొడుచుకు వస్తుంది, పులుపు దాదాపు ఉండదు. ఆ ఇంగ్లీషు పేరును ఈ రెండింటికీ వాడుతున్నారు కాబట్టే ఇంత గందరగోళం. మీ ఫొటోలో అడుగున మొన లేదు, గీత ఉంది.

మొదటి ప్రశ్న భాషది. నారింజ అనే మాటను ఒకరు తీపి పండుకూ, ఒకరు పుల్లని పండుకూ, ఇంకొకరు కమలాకూ వాడుతున్నారు. ఏది తప్పని నేను అనలేను.

ఫొటోలు తీసే సభ్యుడు: అలాగైతే ఆ పుటలో పేరుతో పాటు కోసిన పండు బొమ్మ కూడా ఉండడమే మేలు. పేరు ఇంటింటికీ మారినా నడుమ గుల్ల మారదు కదా.

అడిగినవారు: ఆ పద్ధతి నాకు నచ్చింది. చివరగా నాలుగో పండు సంగతి. పాత ఫొటో ఒక్కటే ఉంది, దాన్ని నిమ్మ అనవచ్చా?

విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు: పండు గుండ్రంగానే ఉంది, మొన కనిపించడం లేదు. కొసన మొన ఉండి కోలగా, మందమైన తొక్కతో ఉండే పెద్ద నిమ్మ ఒక జాతి, గుండ్రంగా పలుచని తొక్కతో ఉండే చిన్న నిమ్మ మరొక జాతి. మనం రెండింటినీ నిమ్మ అనే అంటాం. ఇది ఆ రెండోది అయి ఉండాలి. స్కేలు లేకపోయినా ఒక ఆధారం ఉంది. తొక్క మీద చుక్కల్లా కనిపించే నూనె గుంటలు పండు పరిమాణంతో పోల్చితే పెద్దవిగా కనబడుతున్నాయి. పెద్ద బత్తాయి మీద అవి ఇంకా సన్నగా, దట్టంగా కనబడాలి. అయినా పైనుంచి తీసిన ఒక్క ఫొటో ఆధారంగా అచ్చులో వేయడానికి నేను సాహసించను. చిన్న బత్తాయి పిందె కూడా అలాగే కనిపించగలదు. ఇంకో నిమ్మకాయ తెచ్చి, పక్క నుంచి కొత్తగా ఫొటో తీయండి.