పిండి వ్యాపారం మొదలుపెట్టాక ఇంట్లో మీ మాటకు విలువ పెరిగిందా? (చర్చ)

కంచరపాలెం_పిండి:
మా ఆయన ఆటో నడుపుతారు. నేను ఆరు నెలల నుంచి ఇడ్లీ పిండి రుబ్బి కిలో 60కి అమ్ముతున్నాను. రోజుకి రెండు వాయిలు. ఒక్కో వాయికి కిలో మినపగుళ్లు, రెండు కిలోల ఇడ్లీ రవ్వ పడతాయి, సుమారు ఏడు కిలోల పిండి వస్తుంది. మొదటి నెలంతా వాయికి చేతికొచ్చే 420 లాభమే అనుకుని ఇంట్లో ఖర్చుపెట్టేశాను. తర్వాత నోటుబుక్కులో రాస్తే పప్పు, రవ్వ, కవర్లు, కరెంటు కలిపి 260 పోతోందని, వాయికి 160 మాత్రమే మిగులుతోందని తెలిసింది.

పోయిన నెల మా ఆయన పాత ఆటో అమ్మేసి ఫైనాన్సులో కొత్తది తీసుకుందామన్నారు. మొదట కట్టడానికి నా పిండి డబ్బులు అడిగారు. ఇదివరకైతే "మీ ఇష్టం" అనేదాన్ని. ఈసారి నోటుబుక్కు ముందు పెట్టాను. కిస్తీ నెలకి 8,500. డీజిల్ పోను ఆయన తెచ్చేది 14 వేలు. మిగిలే 5,500లో ఇంటద్దెకే 4,500 పోతుంది. వానాకాలంలో నాలుగు రోజులు బండి తియ్యకపోతే కిస్తీ ఎలా కడతాం అని అడిగాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే మెకానిక్ దగ్గరికి వెళ్లి, ఇంజిన్ పనికి 18 వేలు అవుతుందని చెప్పారు. అందులో పదివేలు నేనిచ్చాను.

మీ ఇళ్లలో ఇలాంటివి ఎలా జరిగాయి? ఇంకొకటి, ఎండలు మొదలయ్యాక ప్యాకెట్లు ఉబ్బుతున్నాయి. నిన్న మూడు వెనక్కొచ్చాయి.

గాజువాక_సూరి:
అమ్మా, నాదీ ఆటోనే. కొత్త బండికి ఎవరు తక్కువ వడ్డీకి ఇస్తున్నారో చెప్పండి. మా మరిది తీసుకుంటానంటున్నాడు.

కంచరపాలెం_పిండి:
అన్నయ్యా, తీసుకోవద్దనే కదా నేను చెప్పింది!

మర్రిపాలెం_వదిన:
ప్యాకెట్లు ఉబ్బుతుంటే ఉప్పు తగ్గించు చెల్లీ, నెమ్మదిగా పులుస్తుంది. నేనూ అలాగే చేస్తాను.

టిఫిన్_సెంటర్_మామ్మ:
ఉప్పు తగ్గిస్తే ఇంకా తొందరగా పులుస్తుంది వదినా. నీకు నెమ్మదిగా పులిసిందంటే అది చలికాలం అయ్యుంటుంది. ఇక్కడ అసలు సంగతి వేడి. మన విశాఖ ఉక్కలో మే నెల వచ్చిందంటే అయిదారు గంటల్లో పొంగిపోయే పిండి, డిసెంబరులో రాత్రంతా పెట్టినా సగమే లేస్తుంది.

అమ్మాయ్, గ్రైండర్ తిరిగేకొద్దీ పిండి వేడెక్కుతుంది. ఆపి వేలు పెట్టి చూడు. గోరువెచ్చగా తగిలిందంటే ఇక తొందరగా పులుస్తుంది. మినప్పప్పు రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు కొంచెం కొంచెంగా పొయ్యి. చుక్క తీసి నీళ్లగిన్నెలో వేస్తే తేలాలి, అప్పుడు రవ్వ కలుపు. నువ్వు పులిసిన పిండి నింపుతున్నావా, పులవనిదా?

కంచరపాలెం_పిండి:
రాత్రి రుబ్బి, పొద్దున పులిశాక నింపుతున్నాను మామ్మా.

టిఫిన్_సెంటర్_మామ్మ:
అదే తప్పు. ఎండాకాలం నాలుగు నెలలూ రుబ్బగానే నింపి ఫ్రిజ్‌లో పెట్టు. కవరు మూడొంతులే నింపు, పైన చోటుండాలి. "బయటపెట్టి అయిదు గంటలయ్యాక వాడండి" అని కొనేవాళ్లకి చెప్పు. ప్యాకెట్టు మూల నొక్కితే బుడగ కదిలిందా, అది అమ్మకు, ఇంట్లో అట్లు పోసుకో.

సరేగానీ, మీ ఆయన డెలివరీ చేస్తున్నాడా? ఆ డీజిల్ ఏ లెక్కలో వేశావు? నీ కూలి?

కంచరపాలెం_పిండి:
పొద్దున్నే మొదటి సవారీకి వెళ్తూ ఆయనే ఇచ్చేసి వస్తారు. డీజిల్ వేయలేదు. నా కూలి అసలు తట్టనే లేదు.

అక్కయ్యపాలెం_లెక్కలు:
కూలి వేస్తే ఆ 160లో ఎంత మిగులుతుందో చూడండి. మా ఇంట్లో ఈ లెక్క తీసినప్పుడే గొడవైంది. "ఇంట్లో పనికి కూలేంటి?" అన్నారు. ఇప్పటికీ తెగలేదు. అన్నట్టు, ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించారా? చిన్న వ్యాపారానికి ఫీజు తక్కువే. షాపువాళ్లు ప్యాకెట్లు తీసుకునే ముందు దాని నంబరు అడుగుతారు.

గాజువాక_సూరి:
మా ఆవిడా పచ్చళ్లు పెడతానంటోంది. డబ్బు నా అకౌంట్లోకి రావాలా, ఆమె అకౌంట్లోకా?

టిఫిన్_సెంటర్_మామ్మ:
పని ఎవరు చేస్తారయ్యా?

కంచరపాలెం_పిండి:
నాలుగు రోజుల తర్వాత వచ్చాను. ఐసు నీళ్లతో రుబ్బి వెంటనే ఫ్రిజ్‌లో పెడుతున్నాను, వెనక్కొచ్చింది ఒక్కటే. రెండో వాయి ప్యాకెట్లకి మాత్రం ఫ్రిజ్‌లో చోటు చాలట్లేదు. పాతది ఇంకొకటి కొనాలా, రెండో వాయి ఆపాలా అని చూస్తున్నాను.

మొన్న పొద్దున మా ఆయన ప్యాకెట్లు ఎక్కించుకుంటుంటే 20 రూపాయలు చేతిలో పెట్టి "ఇది డీజిల్‌కి" అన్నాను. నవ్వి వెనక్కిచ్చేశారు. నిన్న నేను మర్చిపోతే, "ఈరోజు డీజిల్ డబ్బులేవీ?" అని గుమ్మం దగ్గరే నిలబడ్డారు.