రద్దు చేసిన టికెట్‌లో ఆ 649 రూపాయలు ఎవరివి?

బరంపురం వాసి: అమ్మను హైదరాబాదు పంపడానికి భువనేశ్వర్ నుంచి విమానం టికెట్ తీశాను. ఆమెకు జ్వరం తగలడంతో నిన్న రద్దు చేశాను. డబ్బు తిరిగి రాని రకం, మొత్తం 4,219 రూపాయలు. మా వీధిలోని ఏజెంటు దగ్గర కొన్నాను. ‘పైసా రాదు’ అంటున్నాడు. విమానాశ్రయం పన్నులైనా రావా? వస్తే ఎన్నాళ్లకు?

గుణుపురం మాస్టారు: ఏజెంటు మాట నిజమే. తిరిగి రాదని తెలిసే తక్కువ ధరకు కొన్నారు. ఇప్పుడు అడగడం ఏమి న్యాయం?

పాత కౌంటరు మనిషి, పర్లాకిమిడి: మాస్టారూ, తిరిగి రానిది ప్రయాణ ధర మాత్రమే. విమానాశ్రయం కోసం వసూలు చేసిన డబ్బు విమాన సంస్థది కాదు. మనిషి ఎక్కకపోతే దాన్ని ఉంచుకునే హక్కు వాళ్లకు లేదు. పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధన ఈ మాటే అంటుంది: రాయితీ టికెట్ అయినా, రద్దు చేసినా, అసలు ప్రయాణానికి రాకపోయినా, చట్టబద్ధమైన పన్నులూ విమానాశ్రయ రుసుములూ తిరిగి ఇవ్వాలి.

బరంపురం తమ్ముడూ, టికెట్ మీద ధర ఎలా విడగొట్టారో చూసి ఇక్కడ రాయండి. ఇంధనం పేరుతో ఉండే `YQ`, `YR` గడులను పన్నులుగా లెక్కపెట్టకండి. చాలామంది అక్కడే పొరబడి పెద్ద మొత్తం వస్తుందని ఆశపడతారు. అవి విమాన సంస్థ సొంత వసూళ్లు. రద్దు రుసుము కింద ప్రయాణ ధరతో పాటు వాటినీ కోసుకోవచ్చు.

బరంపురం వాసి: ప్రయాణ ధర 3,100, ఇంధనం 300, జీఎస్టీ 170, విమానయాన భద్రతా రుసుము 236, వినియోగదారుల అభివృద్ధి రుసుము 413.

పాత కౌంటరు మనిషి, పర్లాకిమిడి: అయితే 236, 413 కలిపి 649 రూపాయలు తప్పకుండా అడగండి. భద్రతా రుసుము అసలు 200, మిగతా 36 దాని మీద పన్ను.

జయపురం నుంచి: కొన్న నలభై ఎనిమిది గంటల్లో రద్దు చేస్తే ఏ టికెట్‌కైనా మొత్తం వెనక్కి వస్తుంది. ఆయనకు ఎవరూ చెప్పలేదా?

పాత కౌంటరు మనిషి, పర్లాకిమిడి: సగమే నిజం అన్నా. కొన్న రోజుకీ ప్రయాణానికీ మధ్య కనీసం ఏడు రోజులు ఉండాలి. తమ్ముడి టికెట్ ఎప్పుడు కొన్నదో?

బరంపురం వాసి: ప్రయాణానికి మూడు రోజుల ముందే.

రాయగడ రమణి: నాకు పొగమంచు వల్ల విమానమే రద్దయితే మొత్తం ఇచ్చారు. మీరూ గట్టిగా అడగండి!

పాత కౌంటరు మనిషి, పర్లాకిమిడి: అమ్మా, మీ విషయంలో రద్దు చేసినది వాళ్లు. ఇక్కడ ప్రయాణికుడు.

గుణుపురం మాస్టారు: సరే, ఒప్పుకుంటున్నాను. కానీ చట్టబద్ధమైన పన్నులన్నీ అన్నారు కదా, మరి ఆ 170 ఎందుకు వదిలారు?

పాత కౌంటరు మనిషి, పర్లాకిమిడి: ఉంచుకున్న ధర మీద కూడా ప్రయాణానికి పడే రేటులోనే జీఎస్టీ పడుతుందని 2022 ఆగస్టులో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. అందుకే సంస్థలు ఆ భాగం ఇవ్వవు.

గుణుపురం మాస్టారు: జరగని ప్రయాణానికి పన్నా? నిబంధన ఒకటి, సర్క్యులర్ ఇంకొకటి. నాకు నచ్చలేదు.

పాత కౌంటరు మనిషి, పర్లాకిమిడి: నాకూ నచ్చలేదు. అయినా 170 కోసం పోట్లాడి 649 ఆలస్యం చేసుకోమని నేను చెప్పను.

ఇక గడువు. సంస్థ వెబ్‌సైట్‌లో క్రెడిట్ కార్డుతో కొంటే ఏడు రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు ఖాతాలో కనిపించడానికి మరికొన్ని రోజులు పట్టవచ్చు. ఏజెంటు ద్వారా కొంటే నిబంధనలో ఇప్పుడు 14 పనిదినాలు, అంటే దాదాపు మూడు వారాలు; ఇదివరకు 30 ఉండేవి. 2025 నవంబరు ముసాయిదాలో 21 అన్నారు, 2026 ఫిబ్రవరి సవరణలో 14 చేశారు. ఏజెంటు విమాన సంస్థ నియమించిన మనిషి కాబట్టి బాధ్యత సంస్థదే. అసలు చిక్కు ఏమిటంటే, డబ్బు ముందుగా ఏజెంటు ఖాతాలో పడుతుంది, అక్కడే నిద్రపోతుంది. మీ బుకింగ్ సంఖ్య చెప్పి, ఎంత పంపారో, ఏ తేదీన పంపారో సంస్థనే నేరుగా అడగండి. పంపామంటే ఆ జవాబు పట్టుకుని దుకాణానికి వెళ్లండి. జవాబే రాకపోతే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

బరంపురం వాసి: ఇప్పుడే ఫోను చేశాను. సంస్థ 649 ఇవ్వాల్సి ఉందని ఒప్పుకుంది. ఆ మాట చెబితే ఏజెంటు, ‘తిరిగి తెప్పించినందుకు నాకు 300 ఇవ్వాలి’ అంటున్నాడు. ఇవ్వాలా?

పాత కౌంటరు మనిషి, పర్లాకిమిడి: డబ్బు తిరిగి ఇచ్చినందుకు సంస్థ ఏమీ తీసుకోకూడదు. ఇతను కొనేటప్పుడు ఈ 300 మాట చెప్పాడా? రసీదులో ఉందా?

బరంపురం వాసి: రసీదే ఇవ్వలేదు.

గుణుపురం మాస్టారు: రసీదు అడగకుండా ఎవరు కొనమన్నారయ్యా మిమ్మల్ని!