ఇంగ్లీషులో మాట తట్టకపోతే వివరించి నెట్టుకురావాలా, ఆగి గుర్తుచేసుకోవాలా?

వలసపిట్ట:
వచ్చే నెల ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నాను. స్పీకింగ్‌లో ఒక్క మాట తట్టకపోయినా అక్కడే బిగుసుకుపోతాను. కోచింగ్‌లో "ఆ మాట వదిలేసి, అదేమిటో తేలిక ఇంగ్లీషులో చెప్పి సాగిపో" అంటున్నారు. మా బావగారేమో "అలా చెబితే నీకు మాటలు రావని నువ్వే ఒప్పుకున్నట్టు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పదకోశం:
నేను మీ బావగారి పక్షం. స్పీకింగ్‌లో పదసంపదకు విడిగా మార్కులున్నాయి, మొత్తంలో నాలుగో వంతు. ఒక్క మాటతో తేలే దానికి రెండు వాక్యాలు ఖర్చుచేస్తే ఆ మాట రాదని ఎదుటివారికి తెలియదా? తెలిసిపోతుంది. డొంకతిరుగుడు నేర్చుకునే సమయంలో మాటలే నేర్చుకోవచ్చు కదా.

పాతపలక:
ఈ పరీక్షకు పిల్లలను తయారుచేయడం నా పని, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

నాలుగో వంతు అన్నది నిజమే. ఆ నాలుగో వంతు ఎలా వేస్తారో మాత్రం పదకోశం గారు చూసినట్టు లేరు. మార్కుల పట్టికను పరీక్ష నిర్వాహకులే అందరికీ అందుబాటులో ఉంచారు. మాటను వేరే మాటల్లో చెప్పగలగడం అందులో పదసంపద కిందనే ఉంది. ఈ పరీక్షలో వేసే స్థాయిని బ్యాండు అంటారు. నాలుగో బ్యాండువారు అలాంటి ప్రయత్నమే అరుదుగా చేస్తారు. ఐదో బ్యాండువారు ప్రయత్నిస్తారు కానీ ప్రతిసారీ కుదరదు. ఆరులో చాలావరకు కుదురుతుంది. ఏడులో అవసరం పడ్డప్పుడల్లా చక్కగా చేస్తారు. అంటే మీరు తప్పనుకుంటున్న పనికే అక్కడ మార్కులు వేస్తున్నారు.

అయితే ఏదో ఒకటి వివరిస్తే సరిపోదు, మనవాళ్లు ఇరుక్కునేది అక్కడే. "సింకులో అడ్డుపడ్డ చెత్తను తోసే రబ్బరు గిన్నె" అంటాం తెలుగులో. వివరమంతా ముందు, వస్తువు చివర. ఇంగ్లీషులో వస్తువు ముందు నిలబడాలి, వివరం దాని వెనక రావాలి. తట్టనిది ఆ వస్తువు పేరే కనుక వాక్యం మొదలే కాదు. నోరు తెరుచుకుని ఉండిపోతారు. ఇది మాటల కొరత అనుకుంటారు కానీ నిజానికి వాక్యంలో మొదటి గడి ఖాళీగా ఉండటం. ఆ గడిలో పెట్టడానికి "టూల్", "మెషీన్", "పర్సన్", "ప్లేస్", "కంటైనర్" లాంటి, ఒక కోవ మొత్తానికి సరిపోయే మాటలు అరడజను నోటిలో ఉంటే చాలు.

మా తరగతిలో ఒక అబ్బాయికి పైన చెప్పిన రబ్బరు గిన్నె పేరు, అంటే ప్లంజర్, తట్టలేదు. మొదటిసారి "ఇట్ ఈజ్ బ్రౌన్, రౌండ్, విత్ ఎ స్టిక్" అన్నాడు. వింటున్నవాళ్లలో ఒకరు గరిటె అనుకున్నారు, ఒకరు గొడుగు అనుకున్నారు. రెండోసారి "ఎ టూల్ ఫర్ ఎ బ్లాక్డ్ సింక్. యు పుష్ ఇట్ అప్ అండ్ డౌన్" అన్నాడు. అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. రంగు, ఆకారం వెయ్యి వస్తువులకుంటాయి. అది చేసే పని కొద్దివాటికే ఉంటుంది. ముందు అది ఏ కోవకు చెందినదో, తరవాత దేనికి వాడతారో చెప్పాలి. అప్పటికీ తేలకపోతే ఎక్కడ కనిపిస్తుందో చెప్పాలి. రెండు వాక్యాలు దాటితే ఇక లాభం లేదు, ఆ సంగతి వదిలి ముందుకు వెళ్లడమే మేలు.

కృష్ణమ్మ ఒడి:
మా అత్తగారికి డెబ్బై దాటాయి. ఈ మధ్య "అది... అన్నం వడ్డించేది" అంటారే గాని గరిటె అనరు. మీరు చెప్పిన వర్ణనలే అవన్నీ. నేర్పితే మళ్లీ వస్తాయా?

పాతపలక:
అమ్మా, అది ఈ చర్చ కాదు. పరాయి భాషలో మాట తట్టకపోవడం వేరు. పుట్టినప్పటి నుంచి వాడిన ఇంటి మాటలు ఒకటొకటిగా జారిపోవడం వేరు. ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.

రాత్రి డ్యూటీ:
నేను బ్రిటన్‌లో నర్సును. మీ ఇద్దరికీ తోచని సంగతి ఒకటి చెబుతాను. వచ్చిన కొత్తలో చేతిని మెడకు వేలాడదీసే గుడ్డకు ఇంగ్లీషు పేరు తట్టక "క్లాత్ ఫర్ ఎ బ్రోకెన్ ఆర్మ్" అన్నాను. పక్కనున్న ఆవిడ "స్లింగా?" అని నవ్వుతూ తెచ్చిచ్చింది. పనీ జరిగింది, మాటా వచ్చింది.

మందు పేరు దగ్గర మాత్రం ఈ ఉపాయం వాడకూడదు. హైడ్రాలజీన్ రక్తపోటు తగ్గించడానికి, హైడ్రాక్సిజీన్ దురదకు. పేర్లు కవలల్లా ఉంటాయి, పనులు ఎక్కడా కలవవు. "ఆ బీపీ మాత్ర" అంటే వార్డులో అలాంటివి అరడజను ఉంటాయి. డ్యూటీ అప్పగించేటప్పుడు పేరు తట్టకపోతే చార్టు తెరిచి చదువుతాను, మోతాదుతో సహా ఎదుటివారి చేత తిరిగి చెప్పిస్తాను. అర నిమిషం మాట ఆగిపోయినా పరవాలేదు. మాట సాగడమే గొప్ప అని నేర్పేవాళ్లు ఎక్కడ సాగకూడదో కూడా నేర్పాలి.

పాతపలక:
పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒకే పనిచేసే వస్తువులు నాలుగున్నచోట పని చెప్పినా వస్తువు తేలదు. ఇంకో తేడా కూడా ఉంది. మీకు పక్కనావిడ మాట అందించింది. పరీక్షలో అలా అందించరు. "వాట్ డు యు కాల్ ఇట్" అని ఎదురుచూస్తూ కూర్చుంటే అదే పెద్ద విరామం అవుతుంది. అక్కడ వివరించి, జవాబు కోసం ఆగకుండా, చెబుతున్న విషయానికి వచ్చేయాలి. బజారులో, వార్డులో అయితే తప్పకుండా అడగండి. అందిన మాటను వెంటనే మీ తరవాతి వాక్యంలో వాడండి, అప్పుడే అది మీదవుతుంది.

పదకోశం:
పట్టిక సంగతి ఒప్పుకుంటాను. కానీ నా భయం పరీక్ష గురించి కాదు. 1983లో రిచర్డ్ ష్మిట్ అనే భాషావేత్త హవాయిలో ఉంటున్న ఒక జపాన్ చిత్రకారుడి గురించి రాశాడు. ఆయన చక్కగా మాటలు కలుపుతాడు, అందరికీ అర్థమవుతాడు, ఏళ్లు గడిచినా ఇంగ్లీషు వ్యాకరణం మాత్రం పెద్దగా మెరుగుపడలేదు. ఎలాగోలా పని జరిగిపోతుంటే కొత్తది నేర్చుకోవలసిన అవసరం ఎవరికి ఉంటుంది? అక్కాచెల్లెళ్లిద్దరినీ "సిస్టర్" అని సరిపెట్టేవాడు ఇరవై ఏళ్లు అలాగే సరిపెడతాడు.

పాతపలక:
ఆ భయం ఉత్తిది కాదు. మా పిల్లల్లోనూ ఆరు దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు, వాళ్ల నోట ప్రతి వస్తువూ "థింగ్" అవుతుంది. అయితే ఆ చిత్రకారుడిలో ఆగిపోయింది ముఖ్యంగా వ్యాకరణం. మాట తట్టక వివరించడంవల్లే అలా జరిగిందని చెప్పలేం. ఇంకోపక్క, 1995లో డోర్నేయి అనే భాషా పరిశోధకుడు హంగేరీ హైస్కూలు పిల్లలకు ఆరు వారాలు ఈ పద్ధతి నేర్పితే వాళ్ల వివరణలు మెరుగయ్యాయి. నేర్పితే వస్తుందనడానికి అది చాలు. అలవాటై కొత్త మాటలు నేర్చుకోవడం మానేస్తారా అంటే, నా దగ్గర జవాబు లేదు.

పదకోశం:
ఉన్నా నేను ఒప్పుకోను లెండి. తట్టని మాట ప్రతిదీ ఆ రాత్రే కాగితం మీద రాసుకోవాలని మీరు నియమం పెడితే, మీ పద్ధతికి సగం ఓటు వేస్తాను.

వలసపిట్ట:
రాసుకోవడం ఇవాళే మొదలుపెడతాను. ఒక్కటి అడగాలి. వస్తువులకైతే టూల్, మెషీన్ అని మొదలుపెట్టగలను. "మొహమాటం" లాంటిదానికి ముందు ఏ మాట పెట్టాలి?

రాత్రి డ్యూటీ:
అలాంటివాటికి పేరు వెతక్కండి, సందర్భం చెప్పండి. "ఐ వాంట్ టు సే నో, బట్ ఐ కాంట్, బికాజ్ షీ ఈజ్ మై ఆంట్" అంటే మా వార్డులో ఏ దేశంవాళ్లయినా తల ఊపుతారు.